చిరాగ్‌పల్లి మీదుగా పదకొండు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జహీరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రెండో ఏడాదికే ఆ సంగతి పిల్లలందరికీ తెలిసిపోయింది. పేపర్లు దిద్ది ఇచ్చాక మార్కులు అడగడానికి నా టేబుల్ దాకా వచ్చే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు. ఒక్క అమ్మాయి వచ్చింది. ఆమె రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

ఆ సెమిస్టర్ రెండో ఇంటర్నల్ పరీక్షకు ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే. అందులో నాలుగో ప్రశ్న గ్రాఫ్ మీద. గ్రాఫ్ అంటే మరేం లేదు, కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు. ఒక్కో గీత మీద ఒక అంకె ఉంటుంది. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు వెళ్ళే దారుల్లో, గీతల మీది అంకెలన్నీ కూడితే అన్నిటికన్నా తక్కువ వచ్చే దారేదో కనుక్కోవాలి. పుస్తకాల్లో ఆ చుక్కలకు ఎ, బి, సి అని పేర్లుంటాయి. పిల్లలకు దగ్గరగా ఉంటుందని నేను ఊళ్ళ పేర్లు పెట్టాను. జహీరాబాద్, చిరాగ్‌పల్లి, కోహీర్, ఝరాసంగం, వీటికి తోడు నేను కల్పించిన ఒక చౌరస్తా. అంకెలు నిజమైన దూరాలు కావని ప్రశ్న కిందే రాశాను. ఎంత తెలివైన ప్రశ్న వేశానో అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లికి రెండు, కోహీర్‌కు ఆరు, చౌరస్తాకు తొమ్మిది. చిరాగ్‌పల్లి నుంచి కోహీర్‌కు మూడు. కోహీర్ నుంచి చౌరస్తాకు రెండు, ఝరాసంగానికి ఎనిమిది. చౌరస్తా నుంచి ఝరాసంగానికి నాలుగు. ఏ గీత మీదైనా అటూ ఇటూ పోవచ్చు. జహీరాబాద్ నుంచి ఝరాసంగానికి అతి దగ్గరి దారి కనుక్కొని, అక్కడికి చేరే దారులన్నీ రాసి మీ జవాబును సరిచూడండి అని అడిగాను. జవాబుకు రెండు మార్కులు, సరిచూసినందుకు రెండు.

క్లాసులో దీనికి పట్టిక వేయడం నేర్పాను. మొదటి చుక్క నుంచి ఇప్పటిదాకా అతి తక్కువ దూరం తేలిన చుక్కను ఖాయం చేసుకోవాలి, దాని మీదుగా పోతే మిగతావాటి దూరం తగ్గుతుందేమో చూడాలి, తగ్గితే పాత అంకె కొట్టేసి కొత్తది రాయాలి. పట్టిక వేయకుండా కళ్ళతో చూసి జవాబు రాసేవాళ్ళను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. అలాంటి నేను, జవాబుల కాగితం తయారుచేసేటప్పుడు ఒక చేత్తో చాయ్ పట్టుకొని, బొమ్మను ఒక్క చూపు చూసి, కోహీర్, చౌరస్తా మీదుగా పన్నెండు అని రాసిపారేశాను.

దిద్దేటప్పుడు నా జవాబు మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది. ఎందుకంటే క్లాసులో దాదాపు అందరూ పన్నెండే రాశారు. మూడు పేపర్లలో మాత్రం పదకొండు కనిపించింది. వాటి మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను. జవాబే తప్పయ్యాక కింద ఏం సరిచూస్తారులే అని ఆ కింది వరసలు చదవను కూడా లేదు.

మర్నాడు పొద్దున పేపర్లు పిల్లలకు ఇచ్చాను, సాయంత్రంలోగా మార్కులు ఎక్కించాలి. మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో నేను అదే పనిలో ఉండగా ఆ అమ్మాయి పేపర్ పట్టుకొని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కర్ణాటకలో హుమ్నాబాద్ అవతలి నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉంటూ చదువుకునే పిల్ల. ఆమె తెలుగులో కన్నడ యాస వినిపించేది. వచ్చి ఏడాది కూడా కాలేదు, క్లాసులో నోరు విప్పి ఎరగదు.

"మేడం, పాస్ కానీకి నాకు రెండు మార్కులు తక్కువైనయి," అంది.

"తక్కువైతే నేనేం చేస్త? చదువుకోవాలె."

"నాలుగో ప్రశ్న జర చూడున్రి మేడం. ఒక్క సబ్జెక్టు పోయినా ఇంటికి వచ్చేస్త, నీ పక్కన మిషన్ మీద కూసుంట అని అమ్మకు మాటిచ్చి వచ్చిన."

తల్లి ఒక్కతే బట్టలు కుడుతూ ఇల్లు నడుపుతోందని అప్పుడు తెలిసింది. మాట ఎవరూ అడిగి తీసుకోలేదు, ఈమే ఇచ్చింది. ఇచ్చిన మాట మీద నిలబడే పిల్లేనని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు జాలి వేసింది, కానీ జాలికి మార్కులు వేస్తారా అని వెంటనే కోపమూ వచ్చింది. ఒక తెల్లకాగితం తీసుకొని, నీ తప్పు నీకే చూపిస్తాను కూర్చోమన్నాను.

దారులు ఒక్కొక్కటే రాశాను. కోహీర్ మీదుగా నేరుగా పోతే పద్నాలుగు. కోహీర్, చౌరస్తా మీదుగా పన్నెండు. చౌరస్తా మీదుగా నేరుగా పదమూడు. చౌరస్తాకు పోయి కోహీర్‌కు తిరిగొచ్చి పోతే పందొమ్మిది.

"నాలుగే దారులు. అన్నిట్ల తక్కువ పన్నెండు. ఎక్కడున్నది నీ పదకొండు?" అన్నాను గర్వంగా.

"చిరాగ్‌పల్లి దిక్కు నుంచి పోయేటివి రాయలేదు మేడం," అంది మెల్లగా.

నాకు నవ్వొచ్చింది. "ఝరాసంగం పోనీకి చిరాగ్‌పల్లికి ఎవరు పోతరు? అది ముంబై రోడ్డు మీద అటు దిక్కున్నది. ఎన్నడన్న ఆటోల పోయినవా?"

"లేదు మేడం. నాకు ఈ ఊర్లు తెల్వవు. కానీ బొమ్మల గీత ఉన్నది కద."

పక్క టేబుల్ మీద పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల సార్, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి, కళ్ళద్దాలు పైకెత్తి నా వైపు చూశారు. "అమ్మా, నువ్వు దారులు లెక్కపెడుతున్నవా, షేర్ ఆటో ఎక్కుతున్నవా?" అన్నారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ అమ్మాయి పేపర్ లాక్కున్నాను. ముందు రోజు చదవని వరసలు అప్పుడు చదివాను.

ఎంత పద్ధతిగా రాసిందో. జహీరాబాద్ నుంచి మొదటి అడుగు మూడు వైపులే పడుతుంది కాబట్టి మూడు భాగాలు చేసింది. ఒక్కో భాగంలో రెండో అడుగు ఎటెటు పడుతుందో, మూడోది ఎటో, వదలకుండా రాసుకుంటూ పోయింది. ఒకసారి తగిలిన ఊరికి మళ్ళీ పోకూడదని పైన రాసుకుంది. ముందుకు దారి లేని చోట అడ్డగీత పెట్టింది. అలాంటివి రెండు: కోహీర్ నుంచి చిరాగ్‌పల్లికి పోయి ఆగిపోయింది ఒకటి, చౌరస్తా, కోహీర్ దాటి చిరాగ్‌పల్లిలో ఆగిపోయింది ఇంకొకటి. ఝరాసంగం చేరేవి ఆరు. నా నాలుగూ అందులో ఉన్నాయి. నేను రాయనివి రెండు. చిరాగ్‌పల్లి, కోహీర్, ఝరాసంగం: పదమూడు. చిరాగ్‌పల్లి, కోహీర్, చౌరస్తా, ఝరాసంగం: పదకొండు.

రెండు, మూడు, రెండు, నాలుగు. మూడుసార్లు కూడాను. నాలుగోసారి వేళ్ళ మీద కూడాను. ఎన్నిసార్లు కూడినా పదకొండే.

అప్పుడు గానీ నేను పట్టిక వేయలేదు. మొదట ఖాయమయ్యేది చిరాగ్‌పల్లే, రెండు. దాని మీదుగా కోహీర్ ఆరు నుంచి ఐదుకు తగ్గింది. కోహీర్ మీదుగా చౌరస్తా తొమ్మిది నుంచి ఏడుకు తగ్గింది, ఝరాసంగానికి పదమూడు పడింది. చౌరస్తా మీదుగా ఆ పదమూడు కాస్తా పదకొండయింది. నేను పిల్లలకు నేర్పిన పద్ధతే, నేను వేసిన అంకెలే. పుట్టి పెరిగిన ఊరి దారులు నా కళ్ళకు గంతలు కట్టాయి. గీత గీసింది నేనే, ఆ గీత మీద కాలు పెట్టనిది కూడా నేనే. పన్నెండు రాసిన పిల్లలందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వాళ్ళకూ ఇదే జరిగి ఉంటుంది.

"ఇట్ల అన్నీ రాసుడు ఎక్కడ నేర్చుకున్నవ్?" అని అడిగాను.

"ఇక్కడికి కొత్తగ వచ్చినప్పుడు కాలేజీకి వస్త వస్త తోవ తప్పిపోయిన మేడం. అప్పటిసంది ఏ తోవనైనా మొదటి మలుపు నుంచి రాసుకుంట."

నాలుగుకు నాలుగు వేశాను. ఆ సున్నా అలాగే ఎక్కించి ఉంటే, చాయ్ తాగుతూ నేను చూసిన ఒక్క చూపు ఒక పిల్లను తీసుకెళ్ళి కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టేది. "తప్పు నాదే బిడ్డా," అన్నాను. జీవితంలో ఆ మాట ఒక స్టూడెంట్‌తో అనడం అదే మొదటిసారి. ఆమె తల ఊపి, ఏడుపు ఆపుకుంటూ బయటికి పరుగెత్తింది.

పేపర్లన్నీ వెనక్కి తెప్పించుకొని సాయంత్రందాకా కట్ట మొత్తం మళ్ళీ దిద్దాను. పదకొండు రాసిన మిగతా ఇద్దరికీ మార్కులు పెరిగాయి. ఒక పేపర్ మాత్రం పక్కకు తీసి మళ్ళీ చదివాను. పట్టిక అంతా సరిగ్గా వేసి, పదకొండు తెచ్చి, చివర దాన్ని కొట్టేసి పన్నెండు రాశాడా అబ్బాయి. తన లెక్కను కాదని పక్క బెంచీని నమ్మాడు. అతన్ని తిట్టే హక్కు నాకు ఎక్కడుంది?

మర్నాడు క్లాసులో బోర్డు మీద ఆరు దారులూ, రెండు అడ్డగీతలూ వేసి, నేనెక్కడ తప్పానో చెప్పాను. పన్నెండు రాసినవాళ్ళకు మార్కులు తగ్గాయి. నా అదృష్టం, ఎవరూ ఫెయిల్ కాలేదు. కాసేపు సణిగారు, పడ్డాను. లెక్కల సార్ మాత్రం నేను ఎదురుపడినప్పుడల్లా "చిరాగ్‌పల్లి ఎట్లున్నదమ్మా?" అని అడగడం మానలేదు.

ఆ అమ్మాయికి కృతజ్ఞతలు సరిగ్గా చెప్పుకున్నానో లేదో నాకు తెలియదు. నా కోపానికి భయపడకుండా తలుపు దగ్గర నిలబడినందుకు, నా నవ్వుకు జంకకుండా గీత ఉన్నది కద అన్నందుకు, ఆమెకు నేను రుణపడి ఉన్నాను. ఇప్పుడు నా జవాబుల కాగితం మీద మొదటి అడుగులన్నీ ముందు రాస్తాను. మనసు పోనన్న వైపు కూడా రాస్తాను. పిల్లలు ఎవరైనా పేపర్ పట్టుకొని వస్తే కుర్చీ చూపించాకే నోరు తెరుస్తాను.

సెలవులిచ్చి ఫలితాలు వచ్చిన రోజు ఆమె ఫోన్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "మేడం, అన్నీ పాసైన. ఊరికి పోతున్న. హుమ్నాబాద్ బస్సు ఇప్పుడే చిరాగ్‌పల్లి కాడ ఆగింది, బోర్డు చూసిన. ఇన్ని దినాలు దీని మీదికెల్లే పోయి వచ్చిన, కానీ తెల్వలేదు. మంచిదైంది మేడం. తెలిసి ఉంటే నేను సుత పన్నెండే రాస్తుంటి."