బొమ్మ వీపు

మదనపల్లెలో మగవాళ్ల చొక్కాలు కుట్టే చిన్న యూనిట్‌లో కేటలాగ్ రాయడం నా పని. ఆ రోజు భూతద్దంలో గుడ్డ నేత చూస్తే ఏటవాలు గీతలు కనిపించాయి. ‘ట్విల్’ అని రాశాను. కాలర్ అంచుకు పావు అంగుళం లోపల కుట్టు పడింది, అదీ రాశాను. ఫోటో కోసం బొమ్మకు తొడిగిన చొక్కా నడుముకు అతికినట్టుంది. ‘స్లిమ్ ఫిట్’ అని దర్జాగా ముగించాను.

పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే మా కటింగ్ మాస్టరమ్మ అది చదివింది.

“స్లిమ్ అని యాల రాసినావప్పా? నేను కత్తిరించింది రెగ్యులర్ కదా!”

“కండ్లతో సూసే రాసినానమ్మా!” అన్నాను, ఒళ్లు మండి.

ఆమె బొమ్మను వెనక్కి తిప్పింది. మిగులు గుడ్డను వీపు మీద మడిచి, వరసగా ఆరు క్లిప్పులు పెట్టి ఉన్నాయి. ఫోటో తీసేవాళ్ల అలవాటట.

“ఇది నమ్మి కొన్నోడు ఈ క్లిప్పులు యాడ పెట్టుకోవాలప్పా?”

‘స్లిమ్’ కొట్టేసి ‘రెగ్యులర్’ అని రాశాను.

ఇంటికెళ్లగానే బీరువా తెరిచాను. ఫోనులో ఫోటో చూసి ముచ్చటపడి కొన్న చొక్కా అందులో మడత పెట్టే ఉంది. అది వదులుగా వేలాడుతోందని ఏడాదిగా నా బక్క ఒంటినే తిట్టుకుంటున్నాను.