యోగా టీచర్‌కు జ్వరం

సూర్యాపేటలో మా యోగా క్లాసు ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తులో, పెళ్లి భోజనాలు పెట్టే చోట జరిగేది. పొద్దున్నే చాపలు పరిచి శవాసనం వేస్తే, ముందురోజు పెళ్లిలో వడ్డించిన సాంబారు వాసన ఇంకా నేలలోంచి వస్తుండేది. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండమంటారు గానీ, ఆ వాసనకు నాకు ఆకలి తప్ప మరో ఆలోచన వచ్చేది కాదు. ముహూర్తాలున్న రోజుల్లో మాకు క్లాసు ఉండదు. ఊరంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, మేం పాతికమంది ఆడవాళ్లం మాత్రం ఎప్పుడు వస్తుందా అని చూసేవాళ్లం. ఆషాఢమైతే పండగే. పెళ్లిళ్లుండవు, నెలంతా హాలు మాదే.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఏళ్లవి. నేనొక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. చేతిరాత గుండ్రంగా ఉంటుందని క్లాసు నోటీసులన్నీ మా యోగా మేడమ్ నాచేతే రాయించేది. "బంద్ సందర్భంగా రేపు క్లాసు లేదు" అని రాసీ రాసీ ఆ ఒక్క వాక్యంలో నాకు పీహెచ్‌డీ వచ్చినంత పనైంది. చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి హాలు గేటుకు అతికించేదాన్ని. సెల్‌ఫోన్లు చాలామందికి ఉన్నాయి గానీ మెసేజ్ తెరిచి చదివే ఓపిక ఎవరికీ లేదు. గేటు మీద కనబడితేనే నమ్మేవాళ్లు.

క్లాసుకు నాతోపాటు మా అత్తమ్మ వచ్చేది. గరిడేపల్లి అవతల ఒక ఊళ్లో గొర్ల వెంట ఎండనక వాననక తిరిగిన మనిషి. మందను అమ్మేసి మా దగ్గరికొచ్చి కూర్చున్నాక షుగరు వచ్చింది. ఆమె లెక్కలో దానికి కారణం నేనే. కాలు కదపడానికి చోటులేని కిరాయి ఇంట్లో పెట్టానట. యోగాకు తీసుకుపోయిందీ నేనే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆమె వజ్రాసనంలో కూర్చుంటే, మోకాళ్లు పట్టేసిన నాలాంటివాళ్లం లోలోపల కుళ్లుకునేవాళ్లం.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు ఆమె గోలీలు మానేసింది. అల్మారాలో పట్టీలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే అడిగాను.

"అత్తమ్మా, షుగరు గోలీలు ఏసుకుంటలేవా?"

"యోగా చేస్తున్న గద. ఒక్క రోగానికి రెండు మందులెందుకే?"

"మేడమ్ బంద్ చెయ్యమన్నదా?"

"ఆమె ఎందుకంటది? గాడ బ్యానర్ మీద రాసి లేదా? యోగా చేస్తే బీపీ, షుగరు మాయం అని. నువ్వు సదువుకున్నదానివే గద, సదువలేదా?"

హాలు ముందు ఆ బ్యానర్ నిజంగానే ఉంది. కొడుకైన మా ఆయన చెప్పినా వినలేదు. దవాఖానకు రమ్మంటే మాట దాటేసింది. ఈలోగా కాలి బొటనవేలికి చెప్పు కరిచిన పుండు మానకుండా నీరు పట్టడం మొదలైంది. షుగరున్నవాళ్లకు కాలి పుండు ఎక్కడిదాకా తీసుకుపోతుందో మా బడి ఆయమ్మ భర్తను చూసి నాకు తెలుసు. ఆయనకు పాదం తీసేశారు. రోజూ ఆమె కాలు చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. పోయి మేడమ్‌కే చెప్తానంటే, "ఆమెకు చెప్పినవంటే నీ చేతి నీళ్లు ముట్ట" అని ఒట్టేసింది. మొండితనంలో మా అత్తమ్మ ముందు ఆమె పొట్టేళ్లు కూడా దిగదుడుపే.

ఆషాఢం మొదట్లో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం మేడమ్ ఫోన్ చేసి, నోటీసు రాయాలి, ఇంటికి రమ్మంది. ఆమెది కోదాడ. పెళ్లయి సూర్యాపేటకు వచ్చింది. నాకంటే చిన్నది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు బయటే. ఆ క్లాసు ఆమెకు ఇల్లు నడిపేదే కాదు, ఊళ్లో నలుగురి చేత మేడమ్ అనిపించుకునేది కూడా.

వెళ్లేసరికి దుప్పటి కప్పుకుని మంచం మీద ఉంది. చేతికి సూది గుచ్చి టేపు వేసి ఉంది. టైఫాయిడ్. రెండుపూటలా ఇంజెక్షన్లకు ఆస్పత్రికి పోవడం తప్ప, పది రోజులు మంచం దిగొద్దన్నారు. నేను కూర్చోకముందే, ముందే అనుకుని పెట్టుకున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"అనివార్య కారణాల వల్ల అని మొదలుపెట్టక్కా."

"అనివార్యం ఏంది మేడమ్? అందరు బంద్ అనుకుంటరు. బంద్ అయిపోయినంక కూడా తాళం ఉంటే క్లాసే ఎత్తేసిన్రు అనుకుంటరు. జ్వరమని రాస్తే పాయె."

"యోగా నేర్పేదానికే జ్వరమంటే ఎవరొస్తారక్కా? నీది నువ్వే తగ్గించుకోలేవు, మాకేం తగ్గిస్తావంటారు. నవ్వుతారు."

నవ్వుతారని నాకూ తెలుసు. ఆ ముఖం చూస్తే జాలేసింది. కానీ నా కళ్లముందు మా అత్తమ్మ బొటనవేలు ఉంది. ఒట్టు ఒట్టే అనుకుంటూనే మొత్తం చెప్పేశాను. గోలీలు, బ్యానరు, పుండు, ఆమె ఒట్టు, ఏదీ దాచలేదు.

ఆమె వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"నేనెప్పుడైనా గోలీలు మానెయ్యమన్నానా అక్కా?"

"లేదు మేడమ్. ఒక్కనాడు కూడా అనలే."

"బ్యానర్ మీద రాయించింది మాత్రం నేనే కదా. ఫ్లెక్సీ షాపతను ఇట్లా రాస్తేనే జనం వస్తారన్నాడు. సరే అన్నాను."

కళ్లనుంచి నీళ్లు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోలేదు. నేను చార్టు చుట్టేసి, రేపు చూద్దాంలే అని లేవబోయాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"రాయక్కా. టైఫాయిడ్ అనే రాయి. ఆస్పత్రికి పోతున్నా, ఇంజెక్షన్లు చేయించుకుంటున్నా, గోలీలు మింగుతున్నా అని కూడా రాయి. ముందు ఆ బ్యానర్ తీసెయ్యమని వాచ్‌మెన్‌కు చెప్పు."

ఆమె చెప్పినట్టే రాశాను:

"యోగా మేడమ్‌కు టైఫాయిడ్ జ్వరం. దవాఖానలో ఇంజెక్షన్లు తీసుకుంటూ, డాక్టరు రాసిన గోలీలు వేసుకుంటున్నారు. కావున రేపటి నుండి పది రోజులు క్లాసు లేదు. తప్పిన క్లాసులకు బదులు, తగ్గిన తర్వాత ప్రతిరోజూ సాయంత్రం అయిదు నుండి ఆరు వరకు క్లాసు ఉంటుంది. పొద్దుటి క్లాసు మామూలే. సాయంత్రం వీలుకానివారు ఆదివారం పొద్దున రావచ్చు. శ్రావణంలో హాలు దొరకదు కనుక అమావాస్యలోపు అన్నీ పూర్తిచేస్తాం. ఇందుకు వేరే ఫీజు లేదు."

మర్నాడు క్లాసు లేదని తెలిసీ అత్తమ్మను తీసుకుపోయాను. తనే చదవాలని నా పంతం. బ్యానర్ తీసేసి ఉంది. నోటీసు అతికించిన గేటు దగ్గర అప్పటికే ఏడెనిమిదిమంది చేరారు. అనుకున్నంతా అయింది. మా క్లాసులో ఎప్పుడూ ముందు వరసలో ఉండే ఒక బడిపంతులు భార్య గట్టిగా నవ్వింది.

"యోగా చెప్పేటామెకే జ్వరమొస్తే ఇగ మన గతేంది? పాండ్రి, గ్రౌండ్ల నాలుగు రౌండ్లు నడుద్దాం. గదే నయం."

మా అత్తమ్మవి రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివింది. "గోలీలు వేసుకుంటున్నారు" దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి పోయి చదివింది. తర్వాత ఆ నవ్వినామె వైపు తిరిగింది.

"జ్వరం రాకుండ ఉండనీకి ఆమె ఏమన్న రాయా? మనిషి గాదా?"

ఇంటికొచ్చాక గోలీ వేసుకుంటుందేమోనని చూశాను. అల్మారా వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. గంజి కాచి, టిఫిన్ డబ్బాలో పోసి, "ఆ పిల్లను సూసొద్దాం పా" అంది.

మేడమ్ గోడకు ఆనుకుని కూర్చుంది. గంజి తాగాక గోలీ వేసుకుంటుంటే అత్తమ్మ పక్కనే నిలబడి గొంతులోకి దిగేదాకా చూసింది.

"రోజు మింగుతున్నవా బిడ్డా?"

"మింగకపోతే తగ్గదమ్మా."

"మరి ఆసనాలు?"

"అవి ఒంటికి మంచివేనమ్మా. కానీ గోలీ చేసే పని గోలీయే చెయ్యాలి."

నేను చెప్పినట్టు మేడమ్ ఎక్కడా బయటపెట్టలేదు. ఆ నీరసంలో కూడా నా గుట్టు కాపాడింది. అత్తమ్మ డబ్బా కడిగి సంచిలో పెట్టుకుంది. సందు మలుపు తిరిగాక, నా వైపు చూడకుండా అడిగింది.

"దవాఖాన ఎన్నింటికి తీస్తరు?"

నాకు రోడ్డు మీదే ఏడుపొచ్చింది. ఆ రోజే దవాఖానకు పోతే, షుగరు బాగా పెరిగి ఉందని డాక్టరు నన్నూ ఆమెనూ కలిపి తిట్టాడు. గోలీలు మార్చాడు, వేలికి కట్టు కట్టించాడు. ఇంకొన్నాళ్లు ఆగితే వేలు పోయేదన్నాడు. ఆ తిట్లు నాకు ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను.

పది రోజులన్నది పన్నెండయింది. సాయంత్రం క్లాసు మొదటిరోజు హాలుకు పోతే సగం చాపలు ఖాళీగా ఉన్నాయి. నవ్వినావిడ మాత్రం వచ్చింది. మిగతావాళ్లు రారని తెలుస్తూనే ఉంది. మేడమ్ చిక్కి సగమైంది. పెళ్లిళ్లకు వేసే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఖాళీ చాపల వైపు ఒకసారి చూసింది. నావల్లే ఈ పిల్ల క్లాసు పోయిందేమోనని భయమేసింది.

"ఈరోజు నేను నోటితో చెప్తాను, మీరు చెయ్యండి" అంది మేడమ్. "దానికంటే ముందు ఒకటి అడగాలి. దాచొద్దు. యోగాకొస్తున్నామని మీలో ఎవరైనా గోలీలు మానేశారా?"

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా అత్తమ్మ కట్టు కట్టిన కాలు చాపి చెయ్యెత్తింది.

"నేను బంద్ చేసిన. మళ్ల ఏసుకుంటున్న. సిగ్గేముంది?"

కాసేపయ్యాక ముందు వరసలోంచి నవ్వినావిడ చెయ్యి లేచింది. "బీపీవి" అంది మెల్లగా. ఆమె వెనక ఇంకొకటి. గోడ పక్కన ఇంకో రెండు. నేను రాసింది ఒక్క మా అత్తమ్మ కోసమే అనుకున్నాను.

మేడమ్ ఆ చేతులన్నీ లెక్కపెట్టింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"రేపు పొద్దున క్లాసు లేదు. చేతులెత్తినవాళ్లంతా ఆస్పత్రికి పోండి. తోడు లేనివాళ్లతో నేనే వస్తా. ఆ క్లాసు ఆదివారం పెడతా. అక్కా, నోటీసు రాయవా?"

అక్కడే చాప మీద చార్టు పరిచి రాయడానికి కూర్చున్నాను. ఆ సాయంత్రం రానివాళ్లలో ఎన్ని చేతులు లేచేవో ఎవరికి తెలుసు. గేటు ముందునుంచి నడుచుకుంటూ పోయేవాళ్లకు కూడా కనబడాలని, "గోలీలు మానొద్దు" అన్న మాటను చార్టుకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాశాను.