గడ్డకట్టిన మందు

డెబ్భైల చివర్లో నేను కంకిపాడు దాటాక వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండో డాక్టర్ని. పొద్దున్నే విజయవాడలో బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ బస్సులోనే తిరిగొచ్చేదాన్ని. పసిపిల్లల వైద్యమంటే నాకు ఇష్టమని తెలిసి, బుధవారం క్లినిక్కు పెద్దడాక్టరుగారు నాకే వదిలేశారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మసూచి రోజుల్లో మోకాలి లోతు బురదలో గట్ల వెంట నడిచి ఊరూరా టీకాలు వేయించినవాడు. ఆ సంగతి చెప్పకుండా ఆయన గురించి ఇంకేం చెప్పినా అన్యాయమవుతుంది.

ఆ ఏడాది మాకు ఎదుగుదల కార్డులు కొత్తగా వచ్చాయి. కార్డు మీద రెండు వంపు గీతలు, వాటి మధ్య దారిలాంటి జాగా. బిడ్డను కొక్కేనికి వేలాడే తూకంలో కూచోబెట్టి, ఆ నెల బరువును చుక్కగా పెట్టి, పోయిన నెల చుక్కతో కలపాలి. తల్లులు చాలామంది ఆ కార్డును మడిచి కొంగున కట్టుకుని, చెమటకు తడిపి తెచ్చేవాళ్ళు.

కాలవ అవతలి పేట నుంచి ఒకామె మాత్రం దాన్ని బైబిలు మధ్యలో పెట్టుకుని తెచ్చేది. నాట్లకూ కోతలకూ వెళ్ళే మనిషి. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఇప్పుడు చంకలో ఉన్నది రెండో పిల్ల. పిల్ల మూడో నెలలో, కోరింత దగ్గూ కంఠసర్పీ ధనుర్వాతమూ రాకుండా వేసే డీపీటీ మొదటి సూది వేయించడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది.

"పక్కింటి పిల్లోడి చుక్క పైనుందండీ. మా పిల్లది కింద. ఇదేమన్నా తక్కువదాండి?"

"చుక్క ఎక్కడుందని కాదమ్మా, గీత ఎటు పోతోందో చూడు. పైకి పోతుంటే పిల్ల పెరుగుతున్నట్టు. అడ్డంగా పోయిందనుకో, చూడ్డానికి బొద్దుగా ఉన్నా ఏదో తేడా ఉన్నట్టు. కిందికి దిగితే ఆలస్యం చెయ్యకుండా నా దగ్గరికి రావాలి."

"అయితే గట్టెక్కినట్టు ఎక్కుతా ఉండాలన్నమాట."

ఆ మాట నాకెంత నచ్చిందంటే, తర్వాత తల్లులందరికీ అదే చెప్పాను.

పిల్లకు ఆరు నెలలు దాటాక గీత అడ్డం తిరిగింది. ఏం పెడుతున్నావని అడిగితే, పాలు తప్ప ఏమీ పెట్టడం లేదంది. అన్నంలో పప్పు మెత్తగా మెదిపి, చెంచాడు నూనె వేసి, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టమన్నాను. మరుసటి నెల గీత మళ్ళీ పైకి లేచింది. ఆమె కార్డును క్లినిక్కులో ఉన్న ఆడవాళ్ళందరికీ చూపించింది. మూడు సూదులూ అప్పటికి పూర్తయ్యాయి.

ఆ పిల్ల సూదులు మొదలవడానికి కాస్త ముందే పోలియో చుక్కల మందు మాకు మొదటిసారి వచ్చింది. చుక్కల మందును ఫ్రిజ్‌లో పైనుండే మంచుగూట్లో పెట్టాలని దానితోపాటు వచ్చిన కాగితంలో ఉంది. నిజమే, అది గడ్డకట్టినా పాడవదు. డీపీటీ అలా కాదు. అది నాలుగు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య, ఫ్రిజ్ కింది అరల్లో ఉండాలి. గడ్డకడితే అందులోని పటిక ముద్దలు కడుతుంది, మందు బలం పోతుంది. మళ్ళీ కరిగించినా ప్రయోజనం లేదు. పెద్దడాక్టరుగారికి ఆ తేడా పట్టలేదు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని ఆయన అనుభవం ఆయనకు నేర్పింది. రెండు మందుల్నీ కలిపి మంచుగూట్లో పెట్టించి తాళం తన దగ్గరే ఉంచుకున్నారు. క్లినిక్కు రోజున నర్సు తెల్లవారే తాళం తీయించుకుని, మందు కరిగాక ఫ్లాస్కులో సర్ది నా బల్ల మీదికి తెచ్చేది. నాకు కనబడింది ఆ ఫ్లాస్కే.

ఎండలు ముదిరేసరికి పేటలో కోరింత దగ్గు మొదలైంది. పిల్లలు ఊపిరి తిప్పుకోకుండా దగ్గి దగ్గి, చివర కూత పెట్టి, తిన్నదంతా కక్కేవాళ్ళు. క్లినిక్కు వరండా ఆ కూతలతో నిండిపోయింది. సూది వేయించని పిల్లలకు వచ్చిందంటే అర్థముంది. మూడు సూదులూ వేయించుకున్నవాళ్ళు కూడా వరసగా వస్తున్నారు. ఏ టీకా అయినా ఒకరిద్దరికి పట్టకపోవచ్చు. ఇంతమందికి పట్టకపోవడం మాత్రం మామూలు విషయం కాదు.

నేను తల్లుల దగ్గర కార్డులు తీసుకుని చూశాను. అదే పేటలో అంతకుముందు ఏడాది సూదులు వేయించుకున్న పిల్లలు బాగానే ఉన్నారు. చుక్కల మందు వచ్చాక వేయించుకున్నవాళ్ళకే దగ్గు. మా పక్క కేంద్రానికీ విజయవాడ నుంచి ఇదే మందు వెళ్తుంది. అక్కడ సూదులు పూర్తయిన పిల్లలెవరికీ దగ్గు రాలేదని అక్కడి డాక్టరు చెప్పాడు. అంటే తేడా పేటలో లేదు, పిల్లల్లో లేదు. మా దగ్గరే ఉంది.

పెద్దడాక్టరుగారిని తాళం అడిగాను. మంచుగూడు తలుపు తీసేసరికి డీపీటీ సీసాలు చుక్కల మందు పక్కన రాళ్ళలా ఉన్నాయి. ఒకదాన్ని కరగనిచ్చి ఊపి చూశాను. విరిగిన పాలలా తునకలు తేలి, చూస్తుండగానే అడుక్కు దిగిపోయాయి. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా అవి కరగడం, వచ్చాక మళ్ళీ గడ్డకట్టడం జరుగుతూనే ఉందని నర్సు చెప్పింది.

"సార్, ఈ మందు పనికిరాదు. ఇన్నాళ్ళూ పిల్లలకు పొడిచింది ఇదే."

ఆయన సీసాను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ ముఖం చూసి, ఒప్పుకుంటారనే అనుకున్నాను.

"మసూచి మందును చంకలో సంచిలో వేసుకుని తిరిగాం, ఎండలో. ఏం కాలేదు."

"అది పొడిమందు సార్. ఎండకు తట్టుకుంటుంది. ఇది వేరు."

"సరే. పారేయించు. కొత్త మందు తెప్పిద్దాం. పిల్లలందరికీ మళ్ళీ వేద్దాం, బూస్టరని చెప్పి. అసలు సంగతి మాత్రం బయట పొక్కకూడదు."

"తల్లులకు చెప్పొద్దా సార్?"

"చెబితే ఏమవుతుందో తెలుసా అమ్మా? సర్కారు సూదిలో నీళ్ళే ఉన్నాయంటారు. రేపు ఈ చుట్టుపక్కల ఒక్క తల్లి రాదు. కంఠసర్పితో పిల్లలు పోతారు. అప్పుడు నీ నిజాన్ని ఏం చేసుకుంటావు?"

పాడైన సీసాల్ని పారేయించాను. కొత్త మందు వచ్చింది, కింది అరలో పెట్టాం, బూస్టరు పేరుతో దగ్గు రాని పిల్లలందరికీ మళ్ళీ మొదటినుంచి సూదులు మొదలుపెట్టాం. ఈ దగ్గు గురించి పైవాళ్ళకు వెళ్ళిన నివేదికలో మాత్రం, తల్లులు నిర్లక్ష్యంతో సూదులు పూర్తి చేయించలేదని ఆయన రాశారు. ఆ వాక్యం కింద నన్నూ సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. నేను పెట్టకపోయినా అది వెళ్ళిపోయింది.

బైబిల్లో కార్డు దాచుకున్నామె పిల్లకు అప్పటికే దగ్గు పట్టుకుంది. వారాల తరబడి తగ్గలేదు. పెట్టిన ముద్ద పెట్టినట్టే కక్కేది. కక్కాక మళ్ళీ పెట్టమన్నాను. ఆమె ఓపిగ్గా పెట్టేది, కోతలు మానుకుని మరీ. గీత మొదట అడ్డంగా నడిచింది, తర్వాత కిందికి దిగింది, కింది గీతనూ దాటింది. ప్రతి బుధవారం తూకం వేసేటప్పుడు ఆమె నా ముఖంలోకి చూడకుండా ముల్లు వంకే చూసేది.

దగ్గు తగ్గుముఖం పట్టిందని ఊపిరి పీల్చుకునేలోపే పేటలోకి తట్టు వచ్చింది. తట్టుకు టీకా అప్పటికింకా మా దాకా రాలేదు. బలమున్న పిల్లలు లేచి తిరిగారు. ఈ పిల్లకు ఊపిరితిత్తులు నిమ్ముకున్నాయి. బెజవాడ ఆస్పత్రికి పంపాను. మూడోనాడు తిరిగొచ్చారు, పిల్లను తువ్వాల్లో చుట్టుకుని.

సమాధుల దొడ్డిలో ప్రార్థన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు.

"డాక్టరమ్మగారూ, మీరు రమ్మన్నప్పుడల్లా వచ్చాను. మూడు సూదులూ ఏయించాను. మీరు చెప్పినట్టే పెట్టాను. మరి నేనేం తప్పు చేశానండి?"

ఇదంతా తల్లుల నిర్లక్ష్యం వల్లనేనని కాగితం మీద రాసి ఉందన్న సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

"నీ తప్పేమీ లేదమ్మా. మందు మా దగ్గరే పాడైపోయింది. మంచుగూట్లో గడ్డకట్టింది. అది వేసినా వెయ్యనట్టే."



"గడ్డకట్టిందాండి," అంది. అంతే. చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తిపట్టుకుని, గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆమె ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. రెండు బుధవారాల తర్వాత పేట నుంచి ఒక్క తల్లీ రాలేదు. నర్సు ఇంటింటికీ వెళ్తే తలుపులు మూసుకున్నారు. బూస్టరు సూదులు సగంలో ఆగిపోయాయి. చలికాలంలో ఆ పేటలోనే ఒక పిల్లాడు కంఠసర్పితో వచ్చాడు, మెడ వాచి, గొంతులో బూడిదరంగు పొరతో. బెజవాడ చేరేలోపే బస్సులో పోయాడు. పెద్దడాక్టరుగారు నన్ను పిలిచి ఒక్క మాట కూడా తిట్టలేదు. "చూశావుగా," అన్నారు. ఆయన చెప్పింది జరిగింది. నేను చెప్పింది నిజం. ఇన్నేళ్ళయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేకపోతున్నాను. ఆయన మందును సరైన అరలో పెట్టి ఉంటే మా ఇద్దరిలో ఎవరికీ ఏదీ దాచాల్సిన, చెప్పాల్సిన పనే ఉండేది కాదని మాత్రం తెలుసు. ఆ మాట అనబోతే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు నన్ను విజయవాడలో ఒక ఆఫీసుకు బదిలీ చేశారు. అక్కడ పిల్లలు లేరు, సూదులు లేవు, వచ్చే నివేదికల్ని కూడడమే పని. ఆయనకు రిటైర్మెంటు సభ జరిగింది. మసూచిని తరిమిన మనిషని పొగిడారు. అదీ నిజమే.

ఒకసారి పెళ్ళికి వెళ్ళి వస్తూ కంకిపాడులో బస్సు కోసం నిలబడితే ఆమె కనిపించింది. చంకలో నాలుగైదు నెలల మగపిల్లాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"సూదులు వేయిస్తున్నావామ్మా?" అన్నాను.

"లేదండీ."

"వేయించమ్మా. ఇప్పుడు మందు బాగానే ఉంటోంది."

"మీరు చూశారాండి, బాగున్నట్టు?"

చూడలేదు. ఆ కేంద్రం గుమ్మం తొక్కి చాలా కాలమైంది.

"మీరు దగ్గరుండి ఏస్తానంటే ఏయిస్తానండి. బుధవారం వస్తారా?"

నేను ఇప్పుడు అక్కడ పనిచెయ్యడం లేదని చెప్పాను. బెజవాడలో పెద్దాస్పత్రికి తీసుకురమ్మని, ఏ గదికి వెళ్ళాలో, ఎవరినడగాలో రెండుసార్లు చెప్పాను. ఏ బుధవారమైనా నేనే వచ్చి పక్కన నిలబడతానన్నాను. ఆమె అన్నీ విని, సరేనండీ అంది. బస్సు వచ్చింది. ఆ తర్వాత ఎన్నో బుధవారాలు నేను మధ్యాహ్నం సెలవు పెట్టుకుని ఆ ఆస్పత్రి వరండాలో కూచున్నాను. ఆమె రాలేదు.