చిన్నోడు పెట్టిన దీపాలు

ఆ అపార్ట్‌మెంట్లలో ఆవిణ్ణి అందరూ అంచుల పెద్దమ్మ అంటారు. ప్యాంటు పొడవైనా, కర్టెను నేలమీద ఈడుస్తున్నా, కొత్త గౌను పిల్ల కాళ్లకు అడ్డం పడుతున్నా ఆవిడ దగ్గరికే తెస్తారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దానిమీద సుద్దముక్క, పెద్దమ్మ పెదాల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులు. సూదులు నోట్లో పెట్టుకుని మాట్లాడలేరు కదా, అందుకని మాట్లాడదు. అది ఆవిడకు బాగా కలిసొచ్చిన అలవాటనే చెప్పాలి.

ఇంట్లో ఆవిడ కాక ముగ్గురు. లిఫ్టులు బాగుచేసే కొడుకు, పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు. మనవరాలి అసలు పేరు బడిలోనే. ఇంట్లో బుడంకాయ. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు సగం బడి భాషలో, సగం చేతుల్తో చెబుతుంది. ఒక ప్రశ్న పట్టుకుందంటే మాత్రం వదలదు, తల ప్రాణం తోకకు తెస్తుంది.

దీపాల పండగనాడు ఆ నాలుగంతస్తుల్లో తెలుగువాళ్ల గుమ్మాలన్నీ వెలుగుతాయి. వీళ్ల గుమ్మం ఒక్కటే చీకటి. పెద్దమ్మ ఆ రోజు కిటికీ తెర దించేసి, ఎవరిదో ప్యాంటు ముందేసుకుని కూర్చుంటుంది.

"మనకెందుకు లేదు నాయనమ్మా?" అని పిల్ల ఏటా అడిగేది.

"మనకు లేదమ్మా."

"అదే, ఎందుకు?"

"లేదంటే లేదు. ఆ దారప్పెట్టె ఇలా తే."

సంగతి ఇది. పండగనాడు ఇంట్లో పోకూడని మనిషి పోతే, కొందరి ఇళ్లల్లో ఇక ఆ పండగ చెయ్యరు. అదే రోజున ఎప్పుడైనా ఆ ఇంట్లో బిడ్డ పుడితే పండగ తిరిగొచ్చినట్టు. పుట్టకపోతే అంతే, తరాలు గడిచినా ఆ గుమ్మంలో దీపం ఉండదు. పెద్దమ్మ చిన్న కొడుకు ఏడేళ్లవాడు, దీపాల పండగ సాయంత్రం అద్దింటి డాబా పిట్టగోడ మీద దీపాలు పెడుతూ కిందికి జారిపోయాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో కోడలికి ఓ ముసలి చుట్టాలావిడ ఒక్క ముక్క చెప్పింది: "ఆ రోజున ఓ పిల్లాడు పోయాడు, మీ అత్తయ్య ముందు ఆ ఊసెత్తకు." అది చెప్పినావిడ కూడా పోయింది. పెద్దమ్మ ఎత్తలేదు, కొడుకు ఎత్తలేదు, కోడలికి ఎత్తడానికి ఏమీ తెలియదు. పాపం, పండగ లేకపోవడం ఒక్కటే ఆ పిల్లకు వారసత్వంగా వస్తోంది. ఎందుకు లేదో రావడం లేదు.

శనివారాల్లో అక్కడి తెలుగు పిల్లలకు ఒక హాల్లో పాఠాలు చెబుతారు. వారమంతా మందుల షాపులో పనిచేసే ఆవిడ టీచరు. పండగ దగ్గరపడుతుంటే ఆవిడ తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టింది.

"పండగ గురించి చెప్పు అని అడిగితే పెద్దవాళ్లు నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటారండీ. చిన్న చిన్నవి అడిగించండి. నూనె ఎవరు పోశారు, ఎవరు ఒలకబోశారు, ఎవరికి తిట్లు పడ్డాయి అని. ఎదురుగా కూర్చోబెట్టి అడిగించొద్దు, అది ఇంటర్వ్యూలా ఉంటుంది. వాళ్లు ఏదో పని చేసుకుంటుంటే పిల్లలు కూడా అందులో చెయ్యిపెట్టి అడగాలి. విన్నది మర్నాడు ఆ పెద్దవాళ్లకే తిరిగి చెప్పాలి. తప్పులుంటే వాళ్లే సరిచేస్తారు. ఆ తర్వాత ఇక్కడికొచ్చి తమ మాటల్లో చెబుతారు. పిల్లలకు కథ అంటుకునేది విన్నప్పుడు కాదు, తాము చెప్పినప్పుడు."

బుడంకాయ ఇంటికి రాగానే మిషను పక్కన చేరింది. విప్పాల్సిన పాత కుట్టొకటి ఒళ్లో వేసుకుని మొదలెట్టింది.

"మీ ఇంట్లో దీపాలుండేవా ఎప్పుడైనా?"

పెద్దమ్మ సూదులు నోట్లోంచి తీసింది. తియ్యకుండా ఉంటే ఎంత బాగుండేది! "ఎందుకుండవు, ఉండేవి."

"నూనె ఎవరు పోసేవాళ్లు?"

"నేనే."

"ఎవరు పెట్టేవాళ్లు?"

ఆ ప్రశ్నకు ముప్ఫైయేళ్లుగా బిగించుకున్నదేదో వదులైపోయింది. అరచేతిలో దీపం పెట్టుకుని, రెండో చెయ్యి గాలికి అడ్డంపెట్టి, నాలుక బయటపెట్టి మెట్లెక్కే పిల్లాడు కళ్లముందుకొచ్చాడు. దీపం కొండెక్కితే మళ్లీ కిందికి పరుగున వచ్చేవాడని చెప్పింది. వత్తులు నోటితో తడిపి తిట్లు తిన్నాడని చెప్పింది. కింది వీధంతా తలెత్తి చూడాలని పిట్టగోడ మీద వరస తప్పకుండా పేర్చేవాడని చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వింది కూడా. ఎన్నేళ్లయిందో ఆవిడ అలా నవ్వి!

"ఎవరు నాయనమ్మా? ఆ పిల్లాడెవరు?"

పెద్దమ్మ నీళ్లు నమిలింది. "ఇంకెవరు? మీ నాన్న."

మర్నాడు పిల్ల కథంతా తిరిగి అప్పజెప్పింది. "మా నాన్న చాలా ధైర్యం. మా నాన్న డాబా మీద దీపాలు పెట్టాడు." సరిచెయ్యడానికి ఆవిడకు అది రెండో అవకాశం. తల ఊపి ఊరుకుంది. ఏమనుకోవాలి ఈవిణ్ణి? కోపమొస్తుంది, జాలీ వేస్తుంది.

శనివారం హాల్లో బుడంకాయ నాలుక బయటపెట్టి, చేత్తో గాలికి అడ్డంపెట్టి, మెట్లెక్కి మరీ చూపించింది. చప్పట్లే చప్పట్లు. కోడలు వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టింది. మేనత్తలు, పెదనాన్నలు, ఎక్కడెక్కడివాళ్లో పొగడ్తలు కురిపించారు. "అచ్చం వాళ్ల నాన్నే" అని ఒకావిడ రాసింది. తెలిసినవాళ్లు కూడా కిమ్మనలేదు. అందరూ మొహమాటస్తులే.

కొడుకు ఆ వీడియో సోమవారం లిఫ్టు గదిలో పని మధ్యలో చూశాడు. చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా ఇంటికొచ్చి తల్లి ఎదుట నిలబడ్డాడు.

"నేనెప్పుడు డాబా ఎక్కానమ్మా?"

పెద్దమ్మ మిషను ఆపలేదు.

"నాకు ఎత్తంటే భయం. నువ్వు తిట్టినా ఎక్కేవాణ్ణి కాదు. ఎక్కింది వాడు. వత్తులు ఎంగిలి చేసి తిట్లు తిన్నదీ వాడే."

"చిన్నపిల్లరా. దానికెలా చెప్పను?"

"చెప్పకపోతే పోనీ. ఇన్నేళ్లు వాడి పేరెత్తనివ్వలేదు, సరే అనుకున్నాను. ఇప్పుడు వాడి బతుకు కూడా తీసి నాకిచ్చేశావు. నాకొద్దమ్మా అది. రేపు నువ్వూ నేనూ పోతే వాడు అసలు పుట్టనేలేదు."

మిషను ఆగింది. చిన్న కొడుకు పోయాడన్నది పెద్దమ్మ ఏనాడో ఒప్పుకుంది. పుట్టనేలేదన్నది మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

పిల్ల బడినుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, అంచు పట్టుకోమని ఇచ్చింది. చేతుల్లో బట్ట ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. చెప్పింది. ఉన్నదున్నట్టు, మెల్లగా, పిల్లకు అందే మాటల్లో. ఆ దీపాలు పెట్టింది నాన్న కాదని, నాన్న తమ్ముడని, పిట్టగోడ మీద ఒలికిన నూనెకు చెయ్యి జారి పడిపోయాడని, అందుకే మనకు పండగ లేదని.

"కాదు," అంది పిల్ల.

"కాదేమిటే?"

"నాన్నే పెట్టాడు. నువ్వే చెప్పావు. నేను అందరికీ చెప్పాను. నువ్వు తప్పు చెబుతున్నావు నాయనమ్మా."

పెద్దమ్మ మళ్లీ చెప్పింది. పిల్ల మళ్లీ కాదంది. మూడోసారి చెబుతుంటే పిల్లకు ఏడుపొచ్చింది. తనకిష్టమైన కథను ఎవరో లాక్కుంటుంటే ఏడవదా మరి! నోటితో పదిమందికి చెప్పి చప్పట్లు కొట్టించుకున్న కథ ఒంటికి పట్టేసింది, అంత సులువుగా ఊడుతుందా.

చివరికి పిల్లే కళ్లు తుడుచుకుని, అనుమానంగా అడిగింది. "నువ్వు నాన్నను పెద్దోడా అని పిలుస్తావు కదా. ఒక్కడే అయితే పెద్దోడెందుకు?"

"చిన్నోడు ఉండేవాడు గనక."

పిల్ల అంచు వదిలేసింది. "అయితే ఆయన నాకేమవుతాడు?"

"బాబాయి అవుతాడమ్మా."

"నాకు బాబాయి ఉన్నాడా!"

ఆ 'ఉన్నాడా' విన్నాక పెద్దమ్మ తట్టుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వంటింట్లోంచి కోడలు వచ్చి, అత్తగారి వీపుమీద చెయ్యివేసి నిలబడింది. ఆ పిల్లాడెవరో ఆవిడకూ పూర్తిగా తెలిసింది అప్పుడే.

ఆ రాత్రి బుడంకాయ తల్లి ఫోను ముందు నిలబడి, "మొన్న నేను చెప్పింది తప్పు. దీపాలు పెట్టింది మా బాబాయి," అని మొదలుపెట్టి వచ్చినంత తెలుగులో కథంతా చెప్పింది. కోడలు గ్రూపులో పెట్టింది. ఈసారి పొగడ్తలు లేవు. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. పండగ ముందు ఇలాంటివెందుకని పెద్ద మేనత్త మాత్రం రాసింది. తీసెయ్యమంటారా అని కోడలు అడిగితే, "ఉండనీ. తీస్తే ఊరుకోను," అంది పెద్దమ్మ.

పండగరోజు గుమ్మం చీకటిగానే ఉంది. కొడుకు పనికి సెలవు పెట్టాడు. నలుగురూ మిషను చుట్టూ కూర్చున్నారు. పక్క వాటా వాళ్ల కర్టెన్లు నేలమీద పరిచి ఒకరు కొలుస్తున్నారు, ఒకరు మడత పెడుతున్నారు.

"బాబాయి గురించి ఇంకోటి చెప్పు నాయనమ్మా. దీపాలది కాకుండా."

పెద్దమ్మ నోరు తెరిచింది. ఎంత వెతికినా ఏదీ గుర్తు రాలేదు. ఏది ఇష్టంగా తినేవాడు? ఎవరితో ఆడేవాడు? పడుకునేటప్పుడు ఏమని పిలిచేవాడు? పైకి తేకుండా దాచిందంతా భద్రంగా ఉంటుందనుకుంది ఆవిడ. మెట్లెక్కడం, దీపాలు, చివరికి జారిపోవడం, అంతకు మించి లోపల ఏమీ మిగల్లేదు.

"ఎడమచేత్తో రాసేవాడు," అన్నాడు కొడుకు. "నువ్వు కుడిచేత్తో రాయమని కొట్టేదానివి."

"నేనా?"

"నువ్వేనమ్మా."

ఆవిడకు గుర్తు లేదు. అయినా నమ్మింది. పిల్ల తన ఎడమచెయ్యి ఎత్తి తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఇంకా?" అంది పిల్ల.

"నా చెప్పులు వేసుకుని పారిపోయేవాడు."

"ఇంకా?"

కొడుకు దగ్గర అంతవరకే ఉంది. పెద్దమ్మ చేతిలో కర్టెను పక్కనపెట్టి, కొడుకు మోకాలి మీద చెయ్యివేసి, భయపడుతూ అడిగింది.

"వాడి గొంతు ఎలా ఉండేదిరా?"

అతను తల్లి మొహంలోకి చూశాడు. "నీకు గుర్తుండి ఉంటుందనుకున్నానమ్మా."