కైలాసం గారి త్రైమాసిక ప్రొఫైల్ తనిఖీ

జిన్నారం మందుల ఫ్యాక్టరీలో నాణ్యతాధికారి కైలాసానికి ఉద్యోగం మారే ఉద్దేశమే లేదు. అయినా మూడు నెలలకోసారి పటాన్‌చెరు నెట్ సెంటర్లో కూర్చుని, ఉద్యోగాల వెబ్‌సైట్లోని తన ప్రొఫైల్‌ను శాస్త్రోక్తంగా తనిఖీ చేసేవాడు: ఫోన్ నంబరు, హోదా, కొత్తగా నేర్చిన పని. ఈసారి సొంత కంపెనీకి కనబడకుండా దాచడం మరిచాడు. తాజాగా మార్చిన ప్రొఫైళ్లే ముందు కనిపిస్తాయి గనుక, కొత్తవాళ్ల కోసం వెతుకుతున్న హెచ్చార్ మేనేజర్ లక్ష్మీకాంతం గారికి మొదట దొరికింది కైలాసమే. అదీ ప్రమోషన్ల వారంలో. వెంటనే తన గదికి పిలిపించారు.

“ఏంది కైలాసం, పోతున్నవా? ప్రమోషన్ ఇంకోనికియ్యాల్నా?”

“లే సార్. ల్యాబుల త్రాసు గూడ మూడు నెలలకోసారి సరిచూస్తం గదా. అమ్మనీకా?”

లక్ష్మీకాంతం గారు గంభీరంగా ఆలోచించి, ప్రమోషన్ల జాబితాలో కైలాసం పేరు అట్లాగే ఉంచి, లేచి తలుపు వేశారు.

“గట్లయితే నాది గూడ జెర సూడు. అండ్ల ఇంకా పాత కంపెనీ ఫోన్ నంబరే ఉంది.”

కైలాసం మొదట సొంత కంపెనీకి కనబడకుండా దాచే గడిలో టిక్కు పెట్టించాడు.