కాలని చెయ్యి

"మా కోడలు జొన్నరొట్టెను చేత్తోనే తిప్పుతది, అట్లకాడ ముట్టనే ముట్టది" అని ఆలూరులో ఒక అవ్వ ఇంటికొచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. ఒక రోజు నాకు రొట్టె పెడుతూ నాకూ చెప్పింది. పెనం మీద రొట్టె పొగలు కక్కుతోంది. కోడలు నాతో మాట్లాడుతూనే దాన్ని కుడిచేతి అంచుతో లేపి తిప్పేసింది. ఆ చిటికెనవేలి పక్కన బొబ్బ ఒకటి చితికి ఉంది. నేను తినడం ఆపి ఆ వేలినే చూశాను.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్లలో నేను కుష్ఠు నివారణ పని చేసేదాన్ని. ఆ ఇంటికి కొత్తదాన్ని కాదు. అవ్వ భర్తకు అరవైతొమ్మిది తెలంగాణ కొట్లాట ఏడాదిలో, సిటీకి బస్సులు బందైన రోజుల్లో, మొదటి మచ్చ కనబడిందట. అప్పట్లో ఉన్నది ఒక్క తెల్ల గోలీయే. దాన్ని వేసుకుంటూ, విసుగొచ్చి మానేస్తూ ఏళ్లు గడిపాడు. తర్వాత మూడు మందులు కలిపిన గోలీల అట్టలు వచ్చాయి. ఆయనకు రెండేళ్ల కోర్సు పడింది, పూర్తికాగానే రిజిస్టర్లో పేరు కొట్టేశాం. వేళ్ల వంకర అట్లాగే మిగిలింది గానీ రోగం పోయింది.

అన్ని ఊళ్లలోనూ అట్లా పేర్లు కొట్టేస్తూ పోయాం. చివరికి, దేశంలో మందు మింగుతున్నవాళ్లు పదివేల మందిలో ఒకరికన్నా తక్కువకు వచ్చారని, నిర్మూలన సాధించామని చెప్పారు. మొయినాబాద్ మీటింగులో మిఠాయిలు పంచారు. ఇక ఇంటింటి సర్వే అక్కర్లేదు, మచ్చ ఉన్నవాళ్లే దవాఖానకు వస్తారని మా ఆఫీసరు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నొప్పి లేని రోగానికి ఎవరొస్తారు? గోడమీది చార్టులో రోగుల గీత నేలకు దిగింది సరే, కొత్త కేసుల గీత వంగకుండా అట్లాగే సాగుతోంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు భోజనం అయ్యాక కోడలిని కళ్లు మూసుకోమని పెన్ను మొనతో చెయ్యి తాకాను. చూపుడువేలి దగ్గర వెంటనే చెప్పింది. చిటికెనవేలి దగ్గర ఎంతసేపు తాకినా పలకలేదు. మోచేతి వెనక నరం లావెక్కి ఉంది. లోపలికి తీసుకెళ్లి చూస్తే వీపంతా పాలిపోయిన మచ్చలు.

తలుపు దగ్గర నిలబడి చూసిన అవ్వకు అది ఏ రోగమో తెలిసిపోయింది. "దీన్ని రేపే పుట్టింటికి పంపుత" అంది.

మూలన కూర్చున్న ముసలాయన, అవ్వ భర్త, లేచాడు. "నాకొచ్చిన్నాడు నన్ను పంపినవా?"

అవ్వ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు చేవెళ్ల దవాఖానకు కోడలు, ముసలాయన, నేను బస్సులో పోయాం. ఆయన కిటికీ వైపు చూస్తూ అడిగాడు. "నా పేరు కొట్టేసినవ్ గద బిడ్డా, మల్ల ఇది యాడికెల్లి వచ్చె? నేనే అంటిచ్చిన్నా?"

"ఏమో బాపు, ఎవరు చెప్పగలరు? మందు మొదలైతే అంటించే బలం తొందరగనే పోతది. ఆమె ఒంట్లకు అంతకుముందే చేరిందేమో. ఏండ్లకేండ్లు దాక్కొని ఉంటది."

"మరి రోగం పోయిందని మిఠాయి తిన్నరట గద?"

"ఈ బస్సే చూడు బాపు, ఎక్కినోళ్లే రోగులనుకో. అప్పట్ల ఎక్కినోళ్లు దిగకపోతుండె, అందుకే కిక్కిరిసి ఉండె. ఇప్పుడు కోర్సు అయితనే దిగిపోతున్నరు. సీట్లు ఖాళీ అయినయి. స్టాపుల కాడ ఎక్కెటోళ్లు మాత్రం అంతమందే ఎక్కుతున్నరు. మావోళ్లు సీట్లనే లెక్కపెట్టిన్రు."

ఆయన వంకర వేళ్లతో కోడలి చేతిసంచి అందుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆమెకు ఏడాది కోర్సు పడింది, నరం వాపుకు వేరే మందు కూడా ఇచ్చారు. ఆ మందులకు ఒళ్లు నల్లబడింది. చుట్టుపక్కల వాళ్లు అడిగితే ఎండ అని అవ్వే బుకాయించేది. చేతికి బలం తిరిగొచ్చింది, వేళ్లు వంగిపోలేదు. చిటికెనవేలికి స్పర్శ మాత్రం రాలేదు. ముసలాయన రోజూ పొయ్యి ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి చాస్తే చాలు "అట్లకాడ!" అని అరిచేవాడు.

ఆమె చిన్న కూతురిని నేను పోయినప్పుడల్లా పరీక్షించి చూసేదాన్ని. మచ్చలేవీ లేవు. అయినా తల్లికి నమ్మకం కుదిరేది కాదు. "ఇప్పుడు లేదు సరే అక్కా, లోపట దాక్కొని ఉంటే?" అనేది. లేదని నేను ఒట్టు వేయలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం కోడలు, అవ్వ, నేను వాకిట్లో కూర్చున్నాం. పొయ్యి దగ్గర ఆడుకుంటున్న పిల్ల పెనం అంచు ముట్టుకుని కెవ్వుమంది. కుండలో నీళ్ల కోసం నేను పరుగెత్తాను. తల్లి నాకన్నా ముందే చేరింది. ఏడుస్తున్న పిల్ల వేలు పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ అడుగుతోంది.

"కాలిందా? నిజంగ కాలిందా బిడ్డా?"