మా గడపకొచ్చి ఉత్త చేతులతో పోయినవారు

నాచారంలో నేను తెలుగు చెప్పే పాఠశాల ఉన్న స్థలం ఒకప్పుడు మాది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకొని గౌరవం అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

భూములు పోయాక నాయనకు మిగిలింది ఒక్క ఉపన్యాసం. వార్డు ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఉప్పల్‌లో ఇచ్చింది. ఓడిపోయాడు. మాట బాగానే ఉందనీ, జనమే అమ్ముడుపోయారనీ ఆయన నమ్మకం. మేముండే అద్దె ఇంటి కింది వాటాలో ఒక కుర్రాడు ఉండేవాడు. సాయంత్రం టీ తాగుతూ అతన్ని మా గుమ్మం బయట కూర్చోబెట్టి, నాయన ఆ ఉపన్యాసాన్ని ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పేవాడు.

పదో తరగతి పరీక్షలో చదవని గద్యం ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఆ ఏడాది రాజకీయ ఉపన్యాసాల మీద సాధన చేయిస్తున్నానని తెలిసి నాయన అడిగాడు.

"నాది పెట్టరాదు బిడ్డా? పిల్లలు ఏమంటరో ఇంటా."

పేరు తీసేసి ఆ ఉపన్యాసంలో కొంత భాగం టైపు చేయించాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని నాతో ఆటోలో వచ్చాడు. పాఠం చూడ్డానికి వచ్చిన పెద్దాయన అని పిల్లలకు చెప్పాను. వెనక కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చున్నాడు.

కాగితం మీద ఉన్నది ఇది:

"మా తాత మీకు బడి కట్టించిండు. మా నాయన మీకు బావి తవ్వించిండు. మా ఇంటి గింజలు కరువులో మీ పొయ్యి మీద ఉడికినయ్. మా గడపకొచ్చి ఉత్త చేతులతో పోయినోళ్లు ఎవరన్నా ఉన్నరా?"

పునరుక్తి ఎక్కడుంది, అది ఏం చేస్తోంది? చివరి ప్రశ్న ఎందుకు వేశాడు? ఇవే నేనిచ్చిన ప్రశ్నలు.

ముందు బెంచీ అబ్బాయి లేచాడు. "ప్రతి వాక్యం 'మా'తోనే మొదలైతది టీచర్. మళ్లమళ్ల ఇంటుంటే మనసుల నాటుకుంటది."

"ఇంకా?"

"ఆఖరిది ఆలంకారిక ప్రశ్న. ఆయనకు జవాబు అక్కర్లేదు. ఎవ్వరు లేరని ఇనేటోళ్లే లోపల అనుకోవాలె."

వెనక నాయన తల ఆడించాడు. ఆ ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

అప్పుడు కిటికీ పక్కన అమ్మాయి చెయ్యెత్తింది. చెంగిచెర్ల నుంచి బస్సులో వచ్చే పిల్ల, ఎక్కువ మాట్లాడదు.

"ఒకటి జెప్పాల్నా టీచర్? 'మా' అన్నప్పుడల్లా ఇచ్చేటోళ్లు. 'మీ' అన్నప్పుడల్లా తీసుకునేటోళ్లు. అదే మళ్లమళ్ల అంటే దగ్గరితనం రాదు, దూరమే పెరుగుతది."

"మరి ప్రశ్న?"

"జవాబు ఇనేటోళ్ల లోపల పుట్టాలె అన్నడు గద వాడు. గడప దాక పోయి అడుక్కున్నోళ్లను గట్ల అడిగితే, ఇచ్చింది యాదికి రాదు టీచర్. బయట నిలబడ్డదే యాదికొస్తది."

"ఇంట్లకు రమ్మన్లేదా ఏంది ఆ సారు?" అన్నాడు ముందు బెంచీ వాడు. తరగతంతా నవ్వింది.

నేను నాయన వైపు చూడలేదు. ఆ పిల్ల చెప్పింది పూర్తి మార్కుల జవాబు. మా ఇంట్లో ఎవరూ తప్పుడు తూకం వేయలేదు, నేనూ వేయలేను. "సరిగ్గా చెప్పావు. పరీక్షలో ఇట్లాగే రాయి," అన్నాను.

"టీచర్, ఆ సారు గెలిచిండా?" అని అడిగింది కూర్చోబోతూ.

నేను బోర్డు వైపు తిరిగాను.

"లేదు బిడ్డా," అన్నాడు నాయన వెనక నుంచి. "ఓడిపోయిండు."

తిరుగు ఆటో హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగింది. నాయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఆనాడు ఉప్పల్ సభల 'ఎవ్వరు లేరు, ఎవ్వరు లేరు' అని అరిసిన్రు గదా?"

"అరిసిన్రు నాయనా."

"ఎవలు?"

అబద్ధం ఆడటం నాకు రాదు. "మామ," అన్నాను.

"ఇంకెవలు?"

అరిచింది ముందు వరసలో ఉన్న మేమే: మేనమామ, ఆయన కొడుకులు, నేను. మా వెనక జనమంతా నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. వాళ్లను వేదిక మీదినుంచి ఆయనా చూశాడు.  పచ్చలైటు పడి ఆటో కదిలింది. ఆటో దిగాక నాయన కాలరు సర్దుకొని, నా చెయ్యి పట్టుకోకుండానే మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం కింది వాటా కుర్రాడు ఎప్పటిలాగే టీకి వచ్చాడు. "ఏంది పెద్దనాయనా, ఇయ్యాల ఉపన్యాసం లేదా?"

నాయన కప్పు పట్టుకొని గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"రా తమ్మీ, లోపలికొచ్చి కూసో," అన్నాడు. "అది మర్చిపోయిన."